మాస్టారి రిటైర్మెంట్ వీడియోలో ఏ క్లిప్ తీసేయాలో ఎలా తేల్చుకోవాలి?

రిటైర్మెంట్ సభల్లో వేసే వీడియోల్లో చాలా వాటికి ఒకటే జబ్బు. పంపినవాళ్లు ఏమనుకుంటారోనని వచ్చిన క్లిప్పులన్నీ ఉంచేస్తారు. వీడియో పావుగంట నడుస్తుంది, సగం కాకముందే వెనక వరుసలన్నీ ఫోన్లు చూసుకుంటూ ఉంటాయి. ఏడు నిమిషాలు దాటకూడదు. ఎనిమిదైతే పర్లేదా అని అడగొద్దు, పర్లేదంటే పది చేస్తారు.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయినా సరిపోతుంది, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ మాత్రం ఉండాలి. క్లిప్పులను వాట్సాప్‌లో మామూలు వీడియోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే అది కుదించిన బొమ్మే మీ చేతికొస్తుంది. నిలువుగా తీసినవాటిని సాగదీయకండి, పక్కన నలుపు వదిలేయండి. అదే బొమ్మను మసకగా చేసి పక్కల నింపడం ఇప్పుడు ఫ్యాషన్, నాకు మాత్రం చూస్తే తలనొప్పి.

అన్నీ టైమ్‌లైన్ మీద వరసగా పేర్చి, ఒకసారి బొమ్మ చూడకుండా వినండి. ఒక్కో క్లిప్‌కి కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి: ఇది లేకపోతే మాస్టారి గురించి మనకు ఏం తెలియకుండా పోతుంది? "చాలా మంచివారు" తప్ప ఇంకేం రాయలేకపోతే ఆ క్లిప్ దాదాపు పోయినట్టే. తర్వాత అందరి మొదటి పది సెకన్లూ కోసేయండి. "అందరికీ నమస్కారం, నా పేరు ఫలానా, ఫలానా బ్యాచ్" అన్నదంతా కింద అక్షరాల్లో వేస్తే చాలు. కోసేటప్పుడు మాటకు ముందు పీల్చే ఊపిరి మాత్రం ఉంచండి, అది తెగితే మనిషి మధ్యలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. ఈ ఒక్క పనికే సగం సమస్య తీరుతుంది.

మిగతా సగమే అసలు తంటా. ఇక్కడికొచ్చేసరికి చెడ్డ క్లిప్పులు అయిపోతాయి, బాగున్నవాటిలోంచే ఒకటి తీయాలి. చాలామంది ఇక్కడ గ్రూపులో ఓటింగ్ పెడతారు. దయచేసి పెట్టకండి. ఓటు వేసేవాళ్లు క్లిప్పులను విడివిడిగా చూస్తారు. సభలో అవి ఒకదాని వెనక ఒకటి వస్తాయి, ముందొచ్చిన క్లిప్ తర్వాతదాన్ని లేపుతుంది, లేదా ముంచుతుంది.

ఒక లెక్కల మాస్టారి వీడియో సంగతి చెప్తాను. కోతలన్నీ అయ్యాక 8 నిమిషాల 5 సెకన్లు తేలింది, ఇంకా 65 సెకన్లు పోవాలి. మూడు క్లిప్పుల దగ్గర ఆగిపోయాను. ఒకటి పెద్ద ఉద్యోగంలో ఉన్న పాత విద్యార్థిది, 50 సెకన్లు, మంచి కెమెరా, మంచి వెలుతురు, మాటల్లో సగం తన గురించే. రెండోది బడి అటెండర్‌ది, 35 సెకన్లు, ఫోన్ వణుకుతోంది, పైన ఫ్యాన్ కిర్రుకిర్రుమంటోంది. "నేను బెల్లు కొడితే ఈయన ఇంకొక్క లెక్క అనేవారు, నేను మళ్లీ కొట్టేవాణ్ణి, ఆయన మళ్లీ ఇంకొక్కటి అనేవారు" అని చెప్పి తనే నవ్వేస్తాడు. మూడోది ఒకావిడది, 70 సెకన్లు. పదో తరగతిలో తన పరీక్ష ఫీజు మాస్టారు కట్టారని చెబుతూ ఏడ్చేసింది.

వీడియో చేయించే కుర్రాడికి అనుమానమే లేదు. "అన్నా, ఫ్యాన్ గోల ఉన్నది తీసేయ్, ఆ పక్కన సైన్స్ సార్ ముక్క ఒకటి తీసేయ్, లెక్క సరిపోయిందిగా" అన్నాడు.

నేను చేసేదేంటంటే, క్లిప్‌ని డిలీట్ చేయకుండా ఆపి చూస్తాను. డావిన్చి రిజాల్వ్‌లో క్లిప్ ఎంచుకుని D నొక్కితే అది ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. అలా ఆపినచోట నల్లటి ఖాళీ ఉండిపోతుంది కాబట్టి టైమ్‌లైన్‌కి కాపీ తీసుకుని, కాపీలో ఆ ఖాళీ మూసేసి, మొత్తం మొదటి నుంచి చూడండి. అతుకు దగ్గర పది సెకన్లు చూసి సరే అనుకుంటే ఏమీ తెలియదు. ఒక్కో క్లిప్‌కి ఒక్కో కాపీ, ప్రతిసారీ మొదటి నుంచి. విసుగే, కానీ దీనికి దగ్గరి దారి లేదు.

అటెండర్‌ని తీసి చూస్తే వీడియో మొత్తంలో నవ్వు అన్నదే పోయింది. పైగా తరగతి బయట నిలబడి మాస్టారిని చూసిన మనిషి అతనొక్కడే. పెద్ద ఉద్యోగి క్లిప్ తీస్తే ఏమీ పోలేదు, కానీ 50 సెకన్లు చాలవు, ఆయన సభకు వస్తున్నారు కూడా. ఫీజు క్లిప్ తీసి చూసినప్పుడు మాత్రం నేను అనుకోనిది కనిపించింది. దాని వెంటనే వచ్చేది అటెండర్ క్లిప్పే. అంతవరకూ ఏడుపు విన్నవాళ్లు ఆ బెల్లు ముచ్చటకి నవ్వలేరు, అది పోగానే నవ్వు తెరుచుకుంది.

వరస మార్చితే చాలదా అంటారు. చాలదు, ఎందుకంటే ఇంకో సంగతి ఉంది. ఆ క్లిప్ 48వ సెకను దగ్గర ఆవిడ గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పొద్దన్నారు, మా ఇంట్లో కూడా" అంటుంది. కుర్రాడు ఆ మాట వినలేదు, ఏడుపు చూస్తున్నాడు. ఆయన ఇన్నేళ్లు దాచిన సంగతిని ఆయన భార్య, తోటి టీచర్లు, బహుశా అలాగే ఫీజు కట్టించుకున్న మరికొందరు కూర్చున్న హాల్లో పెద్ద తెర మీద వేస్తే, అందరూ తల తిప్పి చూసేది ఆయన్నే. ఆయన ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? చెప్పడానికి ఆవిడకు ఇష్టమే, వినిపించడానికి ఆయన ఇష్టం ఎవరూ అడగలేదు.

"అందరూ ఏడ్చేది దానికే కదన్నా" అన్నాడు కుర్రాడు. ఏడిపించడం తేలికే తమ్ముడూ, ఆ తర్వాత ఆయన లేచి మైకు పట్టుకుని మాట్లాడాలి, అన్నాను.

అలాగని ఆవిడని పూర్తిగా తీసేయకండి. సభకొచ్చి తన ముఖం కనపడకపోతే ఎవరికైనా బాధే. అదే క్లిప్ మొదట్లో, బోర్డు మీద తప్పు చేస్తే మాస్టారు తుడిచేవారు కాదని, సుద్దముక్క చేతికిచ్చి "ఎక్కడ తప్పిందో గీత గీయి" అనేవారని చెప్పింది. ఎనిమిది సెకన్లు. అది ఉంచాం. దాంతో 7 నిమిషాల 3 సెకన్లయింది, ఆ మూడు సెకన్లూ పెద్ద ఉద్యోగి దగ్గర తీసుకున్నాం, ఆయనకు తెలియను కూడా తెలియదు. పూర్తి క్లిప్ సంగతి ఆవిడకి ముందే ఫోన్ చేసి చెప్పి, ఆవిడ సరేనన్నాకే విడి ఫైల్‌గా మాస్టారికి ఇచ్చాం. తీసేసిన విషయం వాళ్లకు తెర మీద చూసి తెలియకూడదు, ఇది ఎవరి క్లిప్ విషయంలోనైనా.

ఇక ఫ్యాన్ గోల. నాయిస్ తగ్గించే ఫిల్టర్ కొంచెమే వేయండి, పూర్తిగా పోగొట్టాలని చూస్తే మనిషి నీళ్లలోంచి మాట్లాడినట్టు వస్తుంది. ఆ క్లిప్ కింద అక్షరాల్లో మాటలు వేయండి. ముందూ వెనకా అర సెకను పాటు ఆ చప్పుడు మెల్లగా మొదలై మెల్లగా పోయేలా చేస్తే చెవికి తగలదు. మాటలున్నచోట సంగీతం వినీ వినపడనట్టు ఉండాలి, వేణువు అసలొద్దు.

1080p, H.264, 12 Mbps దగ్గర ఎక్స్‌పోర్ట్ చేస్తే ఏడు నిమిషాలకు సుమారు 630 ఎంబీ వస్తుంది, ఏ పెన్‌డ్రైవ్‌లోనైనా పడుతుంది. పాత కాపీలు అందులో ఉంచకండి, సభరోజు final2.mp4 బదులు final.mp4 నొక్కేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ముందురోజే ఆ హాల్లో, ఆ ల్యాప్‌టాప్‌లో, ఆ స్పీకర్లలోనే ఒకసారి చివరిదాకా వేసి చూడండి.