కుటుంబ గ్రూపులో ఎమోజీలు, స్టిక్కర్లు – 3వ పాఠం: ఒంట్లో బాగాలేదన్న కబురుకు జవాబు

పోయిన పాఠంలో పుట్టినరోజు స్టిక్కర్ల గురించి చెప్పుకున్నాం. అక్కడ కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ ఏమీ అనుకోరు. ఈసారి మాటపట్టింపులు వచ్చే చోటికి వద్దాం. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఏం పంపాలి?

కుటుంబం గ్రూపులో సాయంత్రం పిన్ని ఇలా రాసిందనుకుందాం:

"బాబాయి ఆపరేషన్ రేపటికి వాయిదా వేశారు. బీపీ తగ్గలేదట. ఈ రాత్రి తోడుగా ఎవరైనా ఉండగలరా?"

కాసేపట్లో జవాబులు వచ్చాయి. పెద్దమ్మ 😂 పెట్టింది. ఇద్దరు 🙏🙏🙏 పెట్టారు. ఒకరు గులాబీల మధ్య "త్వరగా కోలుకోవాలి" అని మెరిసే స్టిక్కర్ పంపారు. పెద్దన్నయ్య 👍 పెట్టాడు.

ముందు పెద్దమ్మ సంగతి చూద్దాం. ఆవిడకు కన్నీళ్లు కనిపించాయి, ఏడుపు అనుకుని నొక్కింది. నిజానికి 😂 ఆనందబాష్పాల ముఖం, పడీపడీ నవ్వడానికి వాడేది. ఇలాంటి పొరపాటు చాలామంది పెద్దవాళ్లకు జరుగుతుంది, ఎందుకంటే చిన్న తెరమీద ముందు కంటబడేవి నీటిబొట్లే. అందుకని ఒక అలవాటు చేసుకోండి: కన్నీళ్లను కాదు, నోటిని చూడండి. పళ్లు కనిపిస్తూ నోరు పైకి విచ్చుకుంటే అది నవ్వు. 😢లో ఒకే చుక్క, నోరు కిందికి వంగి ఉంటుంది. బాధకు ఇది సరిపోతుంది. 😪 కూడా ఏడుపులాగే ఉంటుంది కానీ, ముక్కు దగ్గర ఉన్నది కన్నీరు కాదు, నిద్రలో వచ్చే బుడగ. అది నిద్రమత్తు ముఖం. 😭 భోరున ఏడ్చే ముఖమే అయినా, కుర్రాళ్లు నవ్వు ఆగనప్పుడు కూడా అదే పెడుతున్నారు. జబ్బు కబురు దగ్గర దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇంకో సంగతి. ఎమోజీకి ఒక సంకేత సంఖ్య, పేరు మాత్రమే అందరికీ ఉమ్మడి. బొమ్మను ఫోన్ కంపెనీలు ఎవరికి వారు గీసుకుంటాయి. మీ ఫోన్లో మెత్తగా కనిపించిన ముఖం అవతలి ఫోన్లో వేరే భావంతో కనిపించవచ్చు. పాత ఫోన్లో కొత్త ఎమోజీ ఉత్త డబ్బాగా కూడా రావచ్చు.

ఇప్పుడు పెద్దన్నయ్య 👍. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఇదే. 'చూశాను' అనా, 'సరే' అనా, 'నేను వస్తాను' అనా? పిన్ని అడిగింది రాత్రికి తోడు. ఆ బొటనవేలు చూసి ఆవిడ వేరే ఎవరినీ అడగకుండా ఊరుకుంటే, అన్నయ్య రాకపోతే, రాత్రి పదింటికి టెన్షన్ పడేది ఆవిడే. ప్రశ్న ఉన్న మెసేజ్‌కు బొమ్మ ఒక్కటే జవాబు కాకూడదు. ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు అన్నవి మాటల్లోనే చెప్పాలి.

గులాబీల స్టిక్కర్‌ మనసు మంచిదే, వేళ మంచిది కాదు. ఆపరేషన్ ఇంకా కానేలేదు. పైగా స్టిక్కర్ ఒక బొమ్మ. అందులోని అక్షరాలు తర్వాత వెతికినా దొరకవు. చూపు ఆనక ఫోన్‌తో చదివించుకునే పెద్దవాళ్లకు ఆ అక్షరాలు చాలాసార్లు వినపడవు. ఎమోజీ అయితే పేరుతో వినిపిస్తుంది గానీ, వరసగా పది 🙏 పెడితే అదో నస. ఒక్కటి చాలు.

మరి ఏం రాయాలి? అన్నయ్య ఇలా రాసి ఉండాల్సింది:

"చూశాను పిన్నీ. తొమ్మిదింటికల్లా నేను వస్తాను, పొద్దుటిదాకా ఉంటాను. నువ్వు ఇంటికెళ్లి పడుకో 🙏"

ఎమోజీని వేలితో మూసి చదవండి. చెప్పాల్సిందంతా ఉందా? ఉంటే ఎమోజీ పెట్టుకోవచ్చు, తీసేసినా నష్టం లేదు. రాలేనివాళ్లు కూడా ఆ ముక్క రాయాలి: "ఈ రాత్రి కుదరదు పిన్నీ, రేపు మధ్యాహ్నం నేనుంటాను." ఇలా రాసినవాళ్లను ఎవరూ తప్పుపట్టరు. 'రేపటికి వాయిదా' లాంటి కబురు మాత్రమే వచ్చి ప్రశ్నేమీ లేకపోతే, మెసేజ్‌ను నొక్కిపట్టి పెట్టే ❤️ రియాక్షన్ సరిపోతుంది. గ్రూపులో కొత్త మెసేజ్‌ల కుప్ప పడదు, పిన్ని మెసేజ్ పైకి పోదు.

పొరపాటు బొమ్మ వెళ్లిపోతే కంగారుపడకండి. వాట్సాప్‌లో రాసిన మెసేజ్‌ను 15 నిమిషాల లోపు సవరించవచ్చు. స్టిక్కర్‌కు ఆ వీలు లేదు, అందరికీ కనపడకుండా తొలగించాల్సిందే. అప్పటికే ఎవరైనా చూసుంటే, తొలగించి ఊరుకోకుండా "చెయ్యి జారింది పిన్నీ, ఏడుపు బొమ్మ అనుకున్నాను" అని ఒక ముక్క రాయండి.

ఈ వారం అభ్యాసం: "తాతయ్య రక్తపరీక్ష రిపోర్ట్ వచ్చింది, షుగర్ ఎక్కువుంది. డాక్టర్ దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు?" దీనికి ముందు ఎమోజీ లేకుండా జవాబు రాయండి. తర్వాత ఒక్కటి చేర్చి, రెండూ ఇంట్లో ఎవరికైనా చూపించి, ఏమర్థమైందో అడగండి. వచ్చే పాఠంలో అలిగిన మనిషికి మెసేజ్ రాయడం నేర్చుకుందాం.