ముఖ్యమైన మాటే వినపడకుండా పోతోందా? ప్రసంగంలో వేగం, గొంతు, విరామం సరిచేసుకోవడం

ఒప్పించడానికి మాట్లాడేటప్పుడు విషయం బాగున్నా సభ కదలకపోతే ముందుగా గొంతు వాడిన తీరు చూడాలి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఫోన్‌ను గదిలో చివరి కుర్చీ మీద పెట్టి ఒకసారి మాట్లాడండి. తర్వాత కాగితం చూడకుండా వినండి. కింద చెప్పేవన్నీ ఆ రికార్డింగ్‌లో దొరుకుతాయి.

ఉదాహరణకు ఒక సందర్భం తీసుకుందాం. అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో ఇంకుడు గుంతలు తవ్వించాలని ఒకావిడ ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఆమె ప్రసంగానికి ఆయువుపట్టు ఈ మూడు వాక్యాలు:

"పోయిన వేసవిలో ట్యాంకర్లకు మనం మూడు లక్షల అరవై వేలు కట్టాం. అందులో సగం డబ్బుతో రెండు ఇంకుడు గుంతలు తవ్వించుకోవచ్చు. మన బోరు దానంతటది ఎండిపోలేదు, వాన నీటిని మనమే దాని దాకా పోనివ్వలేదు."

సమస్య: అంకె చెప్పాక కూడా "ఎంతన్నారు?" అని అడుగుతున్నారు. లేదా చెప్పినదానికి ఉల్టాగా అర్థం చేసుకుంటున్నారు.

రికార్డింగ్‌లో వాక్యాల చివర్లు మాత్రమే వినండి. చాలామందికి అక్కడ గొంతు పడిపోతుంది. తెలుగులో దీనివల్ల జరిగే నష్టం చాలా ఎక్కువ. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, అవునా కాదా అన్నది కూడా అక్కడే తేలుతుంది. "ఎండిపోలేదు"లో "లేదు" మింగేస్తే వెనక వరసకు "ఎండిపో..." అని వినిపిస్తుంది. అంటే బోరు ఎండిపోయిందనే అనుకుంటారు. ఆవిడ వాదన అక్కడే తలకిందులైపోతుంది.

కారణం ఊపిరి. పొడవైన వాక్యాన్ని ఒక్క గుక్కలో లాగితే చివరి రెండు మాటల దగ్గరికొచ్చేసరికి గాలి మిగలదు. గట్టిగా మాట్లాడాలనుకున్నంత మాత్రాన ఇది పోదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. చిన్న విరామానికి ఒక గీత, పెద్దదానికి రెండు గీతలు చాలు:

"పోయిన వేసవిలో ట్యాంకర్లకు మనం / మూడు లక్షల / అరవై వేలు కట్టాం. //"

"మన బోరు / దానంతటది ఎండిపోలేదు. // వాన నీటిని మనమే / దాని దాకా పోనివ్వలేదు. //"

రెండో దాంట్లో కామా తీసేసి వాక్యాన్ని రెండు చేశాం. ఇప్పుడు "ఎండిపోలేదు" దగ్గర కొత్త ఊపిరి దొరుకుతుంది. ఒక గీత అంటే అర సెకను, రెండు గీతలంటే రెండు సెకన్ల దాకా. సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే ఇంట్లో ఎవరినైనా పక్క గదిలో కూర్చోబెట్టి, విన్న అంకె రాయమనండి.

సమస్య: నెమ్మదిగా చెబుతున్నా పాఠం అప్పజెప్పినట్టు ఉంది.

ఇది వేగం తగ్గించడం తెలియక వచ్చే ఇబ్బంది. ప్రతి అక్షరాన్నీ సాగదీస్తే తెలుగు చెడిపోతుంది. మనకు హ్రస్వానికీ దీర్ఘానికీ అర్థమే మారుతుంది కాబట్టి, "కట్టాం"లో మొదటి "క"ను సాగదీస్తే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. హ్రస్వాలను అలాగే ఉంచి, మాటకూ మాటకూ మధ్య ఎడం పెంచండి. దీర్ఘం ఉన్నచోట మాత్రం కొంచెం నిలవండి. వేగంగా మాట్లాడినప్పుడు "లక్షలరవై" అని కలిసిపోయే చోటును విడదీసి "లక్షల, అరవై" అని పలకండి. సహజంగా ఉంటుంది, స్పష్టంగానూ ఉంటుంది.

ఇంకో కారణం, ప్రసంగమంతా నెమ్మదిగా ఉండటం. పక్కన వేగం ఉంటేనే నెమ్మది తెలుస్తుంది. ట్యాంకర్ ఎప్పుడొచ్చింది, ఎవరెవరు గొడవపడ్డారు లాంటి అందరికీ తెలిసిన సంగతుల్ని చకచకా, మామూలు కబుర్ల వేగంతో చెప్పేయొచ్చు. వాటి వెంటనే అంకె వస్తుంది. మామూలుగా మూడు సెకన్లలో అయిపోయే ఆ వాక్యానికి విరామాలతో కలిపి ఆరు సెకన్ల దాకా ఇవ్వండి. ఐదు నిమిషాల్లో ఇలా చేయాల్సిన చోట్లు మూడుకు మించితే ఏది ముఖ్యమో మళ్లీ తెలియదు. నా లెక్కలో రెండే మేలు.

సమస్య: మొదటి నుంచి చివరిదాకా గట్టిగానే మాట్లాడాను, అయినా ఏదీ పట్టలేదు.

రికార్డర్‌లో ధ్వని గీతను చూడండి. మొత్తం ఒకే మందంలో పట్టీలా కనిపిస్తే ఇదే సమస్య. టెన్షన్‌లో మొదటి వాక్యానికే గొంతు పైకి వెళ్లిపోతుంది, ఇక పెంచడానికి చోటుండదు. మీరు పలకగలిగిన గట్టిదనం పది అనుకుంటే ఆరు దగ్గర మొదలుపెట్టండి. "మూడు లక్షల అరవై వేలు" దగ్గర ఎనిమిదికి వెళ్లండి. "మనమే దాని దాకా పోనివ్వలేదు" అన్నది మాత్రం నాలుగుకు దించి చెప్పి చూడండి. అది తప్పు ఒప్పుకునే మాట. అరిచి చెబితే నిందలా వినిపించి, ఎదుటివాళ్లు వాదనకు దిగుతారు.

గొంతు దించడమంటే గుసగుసలాడటం కాదు. మాట గట్టిదనం తగ్గాలి, అక్షరం బిగి తగ్గకూడదు. మైకు ఉంటే నోటికి జానెడు దూరంలో ఉంచుకుని, దించినప్పుడు కాస్త దగ్గరకు జరగండి, పెంచినప్పుడు వెనక్కి జరగండి. మైకును నోటికి ఆనించి అరిస్తే మాట పగిలిపోతుంది.

దీనికో పరిమితి ఉంది. ఫంక్షన్ హాల్లో పెద్ద ఫ్యాన్లు తిరుగుతున్నా, బయట జనరేటర్ మోగుతున్నా గొంతు దించే పద్ధతి పనిచేయదు. అప్పుడు గొంతును ఏడు దగ్గరే ఉంచి, వేగం తగ్గించి, ముందూ వెనకా విరామం ఇచ్చి నెట్టుకురావాలి. ప్రతిధ్వని ఉన్న హాల్లో విరామం ఇంకాస్త పెంచండి, లేకపోతే ముందు మాట మోత తర్వాతి మాట మీద పడుతుంది.

సమస్య: ఆగితే మర్చిపోయాననుకుంటున్నారు.

ఎక్కడ ఆగారో చూడండి. "ఎందుకంటే...", "అంటే మరి...", "ఆ..." తర్వాత ఆగితే వెతుక్కుంటున్నట్టే ఉంటుంది, ఎందుకంటే వాక్యం ఇంకా తెరిచి ఉంది. గట్టిదనం తగ్గకుండా క్రియ పలికి, స్వరాన్ని మాత్రం కిందికి తెచ్చి వాక్యం ముగించాక ఆగితే ఆ అనుమానం రాదు. రెండో కారణం కళ్లు. ఆగగానే చూపు కాగితం మీదకి దిగితే ఎవరికైనా తడబాటే కనిపిస్తుంది. అంకె చెప్పాక నోరు మూసి, ముక్కుతో గాలి తీసుకుంటూ ఒక మనిషి వైపు చూడండి, మనసులో "ఒకటి, రెండు" అనుకోండి, తర్వాతే కాగితం చూడండి. మాట్లాడేవాళ్లకు ఆ రెండు సెకన్లు చాలా పొడవుగా అనిపిస్తాయి. రికార్డింగ్ వింటే అంతసేపు ఆగినట్టే ఉండదు.

ముఖ్యమైన మాటకు ముందు విరామమా, తర్వాతా? ముందిస్తే ఏం చెబుతారోనని ఎదురుచూస్తారు, తర్వాతిస్తే లెక్క వేసుకుంటారు. అంకెలకు తర్వాతిదే ఎక్కువ అవసరం. మూడు లక్షల అరవై వేలను ముప్పై ఫ్లాట్లకు పంచుకుంటే ఇంటికి పన్నెండు వేలని వాళ్లంతట వాళ్లే లెక్కేసుకోవాలి కదా. ఆ సమయం ఇవ్వకుండా తర్వాతి వాక్యంలోకి దూకితే అంకె, ఆ వాక్యం రెండూ పోతాయి.

సమస్య: అంతా బాగానే సాగింది, చివర్లో చేతులు లేవలేదు.

అడగాల్సింది అడిగేశాక మాట ఆపకపోవడమే తరచుగా దీనికి కారణం. "వచ్చే నెల నుంచి పని మొదలుపెడదామా?" అని అడిగి, జవాబొచ్చే లోపే "అంతేనండి, తప్పులుంటే మన్నించండి, సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు" అని కలిపేస్తారు. సభకు అది కూర్చోబోతున్న సంకేతం, అడిగిన ప్రశ్న గాల్లో కలిసిపోతుంది. ధన్యవాదాలు మొదట్లోనే చెప్పేయండి. చివరి ప్రశ్న ఆరు దగ్గర, మామూలు వేగంతో అడిగి, మూడు సెకన్లు నిలబడి ఉండండి. ఎవరూ కదలకపోతే ప్రశ్నను మార్చకుండా, అదే మాటల్లో ఇంకొంచెం నెమ్మదిగా ఒకసారి అడిగి, మొదటి చెయ్యి మీరే ఎత్తండి.