రొయ్యలు రబ్బరులా సాగకుండా

ఇగురులో రొయ్యలు రబ్బరు ముక్కల్లా సాగుతుంటే తప్పు రొయ్యలది కాదు, మనం మసాలాతో పాటు పదిహేను నిమిషాలు ఉడికించడమే. మొన్న బెజవాడలో తెచ్చిన అరకిలో మీడియం సైజు రొయ్యలు ఇలా చేస్తే చక్కగా కుదిరాయి.

కడిగాక పొడిగుడ్డతో గట్టిగా అద్దండి, తడి ఉంటే పెనం చల్లారి రొయ్యలు వేగకుండా నీళ్లలో ఉడుకుతాయి. ఇనుప పెనం పెద్ద మంట మీద, నీటిచుక్క వేస్తే చిటపటమని ఎగిరిపోయేంత వేడెక్కాక రెండు చెంచాల నూనె పోసి, ఉప్పు, పసుపు పట్టించిన రొయ్యలు సగమే వేయండి, మిగతా సగం రెండో వాయికి. ఒక్కోవైపు నిమిషంన్నర చాలు. చిన్నవైతే మొత్తం రెండు నిమిషాలే, పెద్ద టైగర్ రొయ్యలైతే ఒక్కోవైపు రెండు నుంచి రెండున్నర.

వీపు దగ్గర మందంగా ఉన్నచోట గాజులా కనిపించే రంగు పోయి తెల్లబడగానే తీసేయండి. కొడవలిలా వంగితే సరిగ్గా ఉడికినట్టు, తోక తలవైపు తగిలేలా ఉంగరంలా బిగుసుకుంటే ఎక్కువైనట్టే. ఉల్లిపాయ, గుంటూరు కారం మసాలా విడిగా నూనె తేలేదాకా వేయించి, చివర్లో రొయ్యలు కలిపి అర నిమిషంలో దించేయాలి.

ఫ్రిజ్‌లో గడ్డకట్టినవి పూర్తిగా కరగకుండా వేస్తే మాత్రం ఈ లెక్క పనిచేయదు, పైన గట్టిపడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది.