మొబైల్ డేటా, 4వ పాఠం: నిండు గీతలు, నత్తనడక

గత పాఠంలో గదిలో రెండు చోట్ల RSRP, అంటే టవర్ నుంచి ఫోనుకు అందే సిగ్నల్ బలాన్ని చెప్పే అంకె, చూసి రాసుకోమన్నాను. రాసిన చాలామంది ఒకే చోట తడబడ్డారు. "బాల్కనీలో -92, మంచం దగ్గర -108 వచ్చింది. 108 పెద్దది కాబట్టి మంచం దగ్గరే సిగ్నల్ ఎక్కువ కదా?" అని అడిగారు. అంకె ముందున్న మైనస్‌ను వదిలేయకండి. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. -80 అంటే గట్టి సిగ్నల్. -100 ఫరవాలేదు. -115 నీరసం. -120 కంటే కిందికి పోతే ఫోను ఆ టవర్‌ను పట్టుకోలేక వదిలేసే అవకాశం ఎక్కువ. పది తగ్గిన ప్రతిసారీ అందే శక్తి పదో వంతుకు పడిపోతుంది. కాబట్టి -92కూ -108కీ మధ్య తేడా చిన్నది కాదు. మంచం దగ్గర అందేది బాల్కనీలో అందేదానిలో దాదాపు నలభయ్యో వంతు.

దీనికంటే మంచి ప్రశ్న ఒకటి వచ్చింది. ఈ పాఠమంతా దాని గురించే. హైదరాబాద్ కూకట్‌పల్లిలో హాస్టల్ గదిలో ఉండే ఒక విద్యార్థి రాసినది ఇది: మంచం దగ్గర సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉంటాయి, RSRP -86, అయినా రాత్రి తొమ్మిదికి క్లాసు వీడియో ఆగి ఆగి వస్తుంది. కిటికీ దగ్గరకు వెళితే గీతలు రెండుకు పడిపోతాయి కానీ వీడియో సాఫీగా నడుస్తుంది. "నా ఫోను చెడిపోయిందా?" అని అడిగాడు. ఫోను బాగానే ఉంది.

అతన్ని నెట్‌మాన్‌స్టర్ అనే యాప్‌లో మరో రెండు విషయాలు చూడమన్నాను: ఫోను ఏ తరంగాల మీద నడుస్తోందో చెప్పే బ్యాండ్, సిగ్నల్ ఎంత స్పష్టంగా ఉందో చెప్పే SINR. కొన్ని ఫోన్లలో ఈ రెండోది SNR అని కనిపిస్తుంది. మంచం దగ్గర బ్యాండ్ 5, SINR 1, వేగం 1.4 ఎంబీపీఎస్. కిటికీ దగ్గర బ్యాండ్ 40, RSRP -103, SINR 15, వేగం 19 ఎంబీపీఎస్. సిగ్నల్ బలం తగ్గిన చోట వేగం పదమూడు రెట్లు పెరిగింది.

గీతలు ప్రధానంగా చెప్పేది టవర్ నుంచి ఎంత బలంగా వినిపిస్తోందన్నదే. ఎంత బలానికి ఎన్ని గీతలు చూపాలన్న దానికి అన్ని ఫోన్లకూ ఒకే లెక్క లేదు. అందుకే పక్కపక్కన పెట్టిన రెండు ఫోన్లలో గీతలు కలవవు. వినిపించినదాంట్లో ఎంత స్పష్టత ఉందో SINR చెబుతుంది. జాతరలో రెండు మైకులు పక్కపక్కన మోగుతుంటే శబ్దానికి కొదవ ఉండదు, మాట మాత్రం అర్థం కాదు. SINR 1 అంటే అదే పరిస్థితి. 20 దాటితే చాలా శుభ్రం, 10 నుంచి 20 బాగు, 5 లోపు ఉంటే వేగం మీద ఆశ పెట్టుకోకండి.

ఇక బ్యాండ్ సంగతి. బ్యాండ్ 5 అంటే 850 మెగాహెర్ట్జ్. ఈ తరంగం గోడలను దాటుకుని గది లోపలి దాకా వస్తుంది. అది రావడం మంచిదే, కానీ దూరపు టవర్ల నుంచి కూడా అలాగే వచ్చి ఒకదానికొకటి అడ్డుపడుతుంది. పైగా ఈ బ్యాండ్‌లో దారి ఇరుకు, సాధారణంగా 5 లేదా 10 మెగాహెర్ట్జ్ మాత్రమే. భవనాల లోపల మూలమూలనా ఉన్న ఫోన్లన్నీ దీని మీదే వాలతాయి. బ్యాండ్ 40 అంటే 2300 మెగాహెర్ట్జ్. ఇది కాంక్రీటు గోడ దగ్గరే నీరసిస్తుంది, కానీ దీని దారి వెడల్పు, సాధారణంగా 20 మెగాహెర్ట్జ్ ఉంటుంది. బ్యాండ్ 3, అంటే 1800, ఈ రెంటికీ మధ్యస్థం.

మరి బ్యాండ్ 40నే ఎంచుకుంటే సరిపోదా? చాలా ఫోన్లలో ఆ వీలు ఉండదు. సిమ్ వేసుకునే రౌటర్లలో చాలావాటికి ఉంటుంది. ఫోనులో దానికోసం రూట్ చేసే, అంటే తయారీదారు పెట్టిన అడ్డులు తీసేసే, పనికి నేను వెళ్లను, మిమ్మల్నీ వెళ్లమనను. ఫోనును జరిపితే బ్యాండ్ దానంతటదే మారే అవకాశం ఉంది. మంచి చోట పెట్టి, ఏరోప్లేన్ మోడ్‌ను పది సెకన్లు ఉంచి తీసేయండి. ఫోను మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటుంది. నెట్‌వర్క్ చాలాసార్లు వెడల్పైన బ్యాండ్‌కే ముందు చోటిస్తుంది, అది అక్కడ సరిపడా బలంగా అందితే చాలు.

నెట్‌వర్క్ మోడ్ విషయంలో కొందరు తొందరపడ్డారు. డయలర్‌లో *#*#4636#*#* నొక్కి, తెరుచుకున్న తెరలో LTE only, అంటే 4జీ మాత్రమే అని పెట్టి, కాల్స్ రావడం లేదని రాశారు. ఆ మోడ్‌లో ఫోను 2జీకి, 3జీకి దిగదు. సిమ్‌కు వోల్టీ, అంటే 4జీ మీదుగానే కాల్ నడిచే ఏర్పాటు, పనిచేయకపోతే కాల్ రాదు, పోదు. NR only, అంటే 5జీ మాత్రమే, ఇంకా మొండిది. కొన్ని నెట్‌వర్క్‌లలో 5జీ నడవాలంటే 4జీ ఆసరా ఉండాలి, అక్కడ ఈ మోడ్ పెడితే నెట్‌వర్కే పోతుంది. ఆ తెరను మూసేసి మామూలు సెట్టింగ్స్‌లో Preferred network type దగ్గర 4జీ ఎంచుకోండి. అది అవసరమైతే కిందికి దిగుతుంది. గది లోపల 5జీ గుర్తు వస్తూ పోతూ ఉంటే ఇలా మార్చి చూడటం మంచిది. 3500 మెగాహెర్ట్జ్ 5జీ గోడల దగ్గర బ్యాండ్ 40 కంటే ఎక్కువ నీరసిస్తుంది.

ఇప్పుడు నాకు బాగా విసుగు తెప్పించే పని. ఫోను చేతిలో పట్టుకుని గదిలో నడుస్తూ, తెర చూస్తూ, "ఇక్కడ బాగుంది, ఇక్కడ లేదు" అనడం. ఇలా చూస్తే వచ్చే అంకెలకు విలువ లేదు. మొదటి కారణం, మీ చెయ్యి, ఒళ్లు సిగ్నల్‌కు అడ్డు. ఒళ్లు ఏ వైపు ఉందో దాన్నిబట్టి అంకె ఊగుతుంది. రెండు, తెర మీది అంకె సగటు. అది స్థిరపడటానికి కొన్ని సెకన్లు పడుతుంది, మీరు ఈలోగా రెండు అడుగులు వేసేస్తారు. మూడు, గోడలకూ ఇనుప బీరువాకూ తగిలి తిరిగొచ్చే తరంగాలు కొన్ని చోట్ల కలిసి బలపడతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ చోట్ల మధ్య దూరం 2300లో ఆరేడు సెంటీమీటర్లు, అంటే బెత్తెడు. 850లో జానెడు లోపే. ఒక్క అడుగు వేసేలోపే అలాంటి చోట్లు చాలా దాటేస్తారు. నాలుగు, డేటా పారుతున్నప్పుడు ఫోను పాత బ్యాండ్‌నే పట్టుకుని ఉండవచ్చు. కిటికీ దగ్గరకు వచ్చినా అంకెలు మంచం దగ్గరి బ్యాండ్‌వే కావచ్చు.

అందుకే ఫోనును స్టూలు మీదో కిటికీ అరుగు మీదో పెట్టండి. ఏరోప్లేన్ మోడ్ వేసి తీయండి. రెండు అడుగులు వెనక్కి జరిగి అర నిమిషం ఆగండి. అప్పుడు చదవండి. బాగా లేకపోతే బెత్తెడు జరిపి మళ్లీ చూడండి. మంచి చోటు దొరికాక నేను చేసేది ఒకటే: ఫోనును అక్కడే ఛార్జింగ్‌లో ఉంచి, హాట్‌స్పాట్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌తో మంచం మీద కూర్చుంటాను.

జరపడం వల్ల తీరని జబ్బు ఒకటుంది. SINR 15 ఉండి కూడా వేగం 2 ఎంబీపీఎస్ దాటకపోతే, మొదట ఆ రోజు డేటా కోటా అయిపోయిందేమో చూడండి. కాకపోతే అదే చోట తెల్లవారుజామున ఐదింటికి పరీక్షించండి. RSRP, SINR రాత్రిలాగే ఉండి వేగం మాత్రం పెరిగితే, ఆ బ్యాండ్ మీద రాత్రిపూట జనం ఎక్కువ. మరో బ్యాండ్ అందే చోటు వెతకడమో, వేరే సంస్థ సిమ్ ప్రయత్నించడమో తప్ప దారి లేదు.

అభ్యాసం: గదిలో నాలుగు చోట్లు ఎంచుకోండి. ఒకటి బీరువా పక్కన, ఒకటి కిటికీ దగ్గర తప్పనిసరి. ఒక్కో చోట ఉదయం ఐదింటికి, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదింటికి బ్యాండ్, RSRP, SINR, మూడు వేగ పరీక్షల్లో మధ్య అంకె రాయండి. మూడు రోజులు చేయండి. ప్రతి పరీక్షకూ డేటా ఖర్చవుతుంది, కోటా తక్కువైతే ఒక రోజుతో సరిపెట్టుకోండి. గీతలు ఎన్ని ఉన్నాయో కూడా పక్కన రాయండి. తర్వాతి పాఠంలో ఆ వరుసనూ వేగం వరుసనూ పక్కపక్కన పెట్టి చదువుదాం.