డేటింగ్ మాటెత్తగానే ఫ్రెండ్ మొహం మాడుతోందా?

సమస్య: ఏళ్ల తరబడి అన్నీ పంచుకున్న ఫ్రెండే. మీరు ఎవరితోనో తిరుగుతున్నారని చెప్పగానే "ఓహో, మంచిదే" అని మాట తుంచేస్తారు. తర్వాత మెసేజ్‌లు పొడిపొడిగా వస్తాయి. ఆ కొత్త మనిషి గురించి మీరేం చెప్పినా ఏదో ఒక వంక పెడతారు.

కారణం: అందరికీ ముందు తట్టేది "నా మీద ప్రేమేమో" అని. కావచ్చు. కానీ అంతకంటే మామూలు కారణం ఇంకోటుంది: తన చోటు పోతోందన్న బెంగ. అది ఊరికే పుట్టే బెంగ కాదు. మనకు అత్యంత దగ్గరివాళ్లు దాదాపు ఐదుగురే ఉంటారనీ, కొత్త ప్రేమ వస్తే అందులో సగటున ఇద్దరు పక్కకు జరుగుతారనీ మానవ సంబంధాలపై పరిశోధించిన రాబిన్ డన్‌బార్ చెప్పారు.

రెంటికీ తేడా పట్టుకోవాలంటే, మొహం ఎప్పుడు మాడుతోందో చూడండి. మీరిద్దరూ కలిసే ప్లాన్ రద్దయినప్పుడా, ఆ కొత్త మనిషి పేరు వినపడినప్పుడా? మొదటిదైతే బెంగ, రెండోదైతే ప్రేమ కావచ్చు.

నా విషయంలో నేను తప్పే చదివాను. పదకొండేళ్ల స్నేహం. నేనొకరి గురించి చెబుతుంటే వాడు ఫోన్ బోర్లా పెట్టి, గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చున్నాడు. ప్రేమే అనుకుని రెండు వారాలు తప్పించుకు తిరిగాను, దాంతో ఇంకా ముదిరింది. తీరా లెక్క చూసుకుంటే, మేం ఎప్పుడూ కలిసే ఆదివారం సాయంత్రాన్ని ఆ నెలలో మూడుసార్లు ఎగ్గొట్టింది నేనే.

పరిష్కారం: ముందు పాత సమయాన్ని తిరిగివ్వండి. మూడు నాలుగు వారాలు దాన్ని కదపకండి, ఆ కాసేపూ కొత్త మనిషి ఊసు మీరుగా ఎత్తకండి. బెంగే అయితే మెత్తబడుతుంది. మా వాడు నాలుగో ఆదివారం తనే అడిగాడు, "ఇంతకీ ఆవిడ ఎలా ఉంది?" అని.

సమయం దొరికినా ఆ పేరు వినగానే ముడుచుకుపోతుంటే అప్పుడు అడగాలి. చాట్‌లో వద్దు, పక్కపక్కన నడుస్తూ అడిగితే మొహం దాచుకునే వీలుంటుంది. "నన్ను ప్రేమిస్తున్నావా?" అని మాత్రం అడగకండి, కాదని బొంకడం తప్ప దారుండదు. "తన మాటెత్తితే నువ్వు ముభావంగా అయిపోతున్నావ్, ఏమైంది?" చాలు. అప్పుడు "వాడు నీతో అందరి ముందూ కసురుకుంటూ మాట్లాడాడు" లాంటి జవాబొస్తే అది అసూయ కాదు, హెచ్చరిక, వినండి.

ప్రేమేనని బయటపడి, మీకు అటువంటి ఉద్దేశం లేకపోతే "చూద్దాంలే" అనకండి. ఆ ఒక్క మాట పట్టుకుని ఏడాది ఎదురుచూస్తారు. లేదని చెప్పేయండి. కొన్నాళ్లు దూరంగా ఉంటానంటే ఉండనివ్వండి, మధ్యలో మీ బెంగ తీర్చుకోడానికి ఫోన్ చేయకండి.