చేత్తో రాసిన డెరివేషన్ సరిచూడటం: 3వ పాఠం

పోయినసారి గ్రాఫులు చూశాం కదా, ఈసారి ఒకే ఒక్క కాగితం. బైరాగిపట్టెడలో మా పక్కింటి ఇంటర్ పిల్లోడు తెచ్చాడు. "అన్నా, స్టెప్పులన్నీ కరెక్టే, ఆన్సరే కలవడంలేదు" అన్నాడు.

లెక్క ఇదీ. కొండ దిగి అలిపిరి దగ్గరికొచ్చిన బస్సు వేగం సెకనుకు 9 మీటర్లు. డ్రైవరు బ్రేకు మెల్లగా మొదలుపెట్టి పోనుపోను గట్టిగా తొక్కాడు, అంటే a = −0.5t. బస్సు 6 సెకన్లకు ఆగింది. ఎంత దూరం పోయింది?

వాడి మొదటి లైను s = (u+v)t/2. దాంతో 27 మీటర్లొచ్చింది. నేను రెండో లైనుకు పోనేలేదు, ఎందుకంటే సగటు వేగం (u+v)/2 అవుతుందని ఖాయంగా చెప్పగలిగేది సమత్వరణం ఉన్నప్పుడే, ఇక్కడేమో త్వరణం క్షణక్షణం మారుతోంది. సమాకలనం చేస్తే v = 9 − 0.25t², s = 9t − t³/12. t = 6 పెట్టండి, 54 − 18 = 36 మీటర్లు. మొదట్లో బ్రేకు మెత్తగా ఉంది కాబట్టి బస్సు చాలాసేపు జోరుగానే పోయింది, 27 కంటే ఎక్కువ రావడం న్యాయమే. అందుకే ఎవరి కాగితమైనా మొదటి లైను పక్కన "ఇది ఎప్పుడు నిజం?" అని పెన్సిల్‌తో రాసుకోండి.

ఇక స్టెప్పుల మధ్య సంగతి. అదే కాగితం వెనకవైపు వాడు మామూలు సమత్వరణానికి సూత్రం రాబట్టాడు:

s = (u+v)t/2, t = (v−u)/a
s = (v−u)²/2a

రావలసింది (v²−u²)/2a. ఎక్కడ జారిందో తెలుసా, వాడి u అడుగున కోసుగా ఉంటుంది, అచ్చం v లాగే. తొందరలో ప్లస్ గుర్తు నిలువుగీత కూడా సరిగా పడలేదు. కింది లైనుకొచ్చేసరికి (u+v) కాస్తా (v−u) అయిపోయింది. ప్రమాణాలు చూస్తే ఇది దొరకదు, రెండింటికీ మీటర్లే వస్తాయి.

అంకెలు పెట్టి చూడాలి. వాడూ పెట్టాడు, కాకపోతే u = 0 పెట్టాడు! అప్పుడు రెండూ v²/2a అవుతాయి, తప్పు హాయిగా దాక్కుంటుంది. సున్నా, ఒకటి వద్దు. u = 2, v = 8, a = 3 తీసుకోండి. t = 2, మొదటి లైను ప్రకారం s = 10. సరైన సూత్రం 60/6 = 10 ఇస్తుంది, వాడిది 36/6 = 6. అంకెలు ప్రతి లైనులోనూ పెట్టుకుంటూ రండి, ఏ లైనులో 10 పోయిందో ఆ పైలైనుకూ దానికీ మధ్యే తప్పుంది.

వచ్చే పాఠానికి ఇది చూసి ఉంచండి: 0 = ut + ½at² లో రెండువైపులా t తో భాగించి t = −2u/a అని రాశాడు. ఒక జవాబు మాయమైంది, ఏది?