వరద రోజుల వంటకు సరుకులిచ్చే దాతలకు: రెండు వందల మందికి ఏమి, ఎంత, ఎలా పంపాలి

దాతలందరికీ నమస్కారం.

2024 సెప్టెంబర్ మొదటి వారంలో బుడమేరు నీరు విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లో నిలిచినప్పుడు మనం అప్పటికప్పుడు పొయ్యి వెలిగించాం. ఎవరు ఏది తెస్తే అది వండాం. ఈసారి ఆగస్టు రాకముందే లెక్క మీ ముందు పెడుతున్నాను. ఇది రెండు వందల మందికి ఒక పూట లెక్క. జనం పెరిగితే ఇదే లెక్కను పెంచుకుంటూ పోతాం.

ముందుగా ఒక మనవి. ఇంట్లో వండిన అన్నం, బిరియానీ పొట్లాలు పంపకండి. సరుకులే పంపండి. ఆ రోజుల్లో ఒక ఇంటివారు ఎంతో ప్రేమతో కూరగాయల బిరియానీ వండి, పొగలు కక్కుతుండగానే ప్లాస్టిక్ కవర్లలో కట్టి ఉదయం ఏడింటికి మాకు అందించారు. పడవ దొరికి, ఆ వీధి చివరకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఒక కవరు విప్పి చూశాను. లోపలి వైపంతా నీటి బొట్లు. మెతుకులు ఒకదానికొకటి అతుక్కుని, వేళ్లతో తీస్తే సన్నగా తీగ సాగింది. పుల్లని వాసన వచ్చింది. మేడ మీద నుంచి పిల్లలు చూస్తుండగానే అరవై పొట్లాలు వెనక్కి తెచ్చేశాం. ఆ బిరియానీ వండి పంపిన తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అన్నం ఎందుకు అలా పాడవుతుందో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి మూతలో ఉంటే అవి మేల్కొని విషం తయారుచేస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అన్నిసార్లూ వాసన కూడా రాదు. కాబట్టి అన్నం అరవై డిగ్రీలకు పైన వేడిగానైనా ఉండాలి, లేదా పలచగా పరిచి త్వరగా ఆరబెట్టాలి. ఈ రెండింటి మధ్య నిలిచే గోరువెచ్చటి అన్నమే ప్రమాదం.

అందుకే పడవల్లో వెళ్లే పొట్లాలకు పులిహోరనే ఎంచుకున్నాం. చింతపండు పులుపు ఆ సూక్ష్మజీవులను కొంతవరకు అణచి ఉంచుతుంది. అన్నం ఎలాగూ ఆరబెట్టే కలుపుతాం కనుక తడి కూడా తక్కువ. రెండు వందల పొట్లాలకు కావలసినవి ఇవి:

బియ్యం 20 కిలోలు
చింతపండు 2 కిలోలు
నూనె 3 లీటర్లు
వేరుశెనగ గుళ్లు 1 కిలో
పచ్చి శెనగపప్పు అర కిలో, మినపప్పు పావు కిలో
ఎండుమిర్చి 300 గ్రాములు, పచ్చిమిర్చి ముప్పావు కిలో
ఉప్పు 600 గ్రాములు, పసుపు 100 గ్రాములు, ఆవాలు 100 గ్రాములు
ఇంగువ 30 గ్రాములు, కరివేపాకు నాలుగు పెద్ద కట్టలు

ఇందులో చింతపండు తగ్గకూడదు. పప్పులు కొంచెం తగ్గినా రుచిలోనే తేడా వస్తుంది. పులుపు తగ్గితే మాత్రం పొట్లం నిలవదు. కొబ్బరి కోరు, ఉడికించిన బంగాళాదుంప, పచ్చి ఉల్లిపాయ కలపవద్దని వంటవారికి గట్టిగా చెప్పాను. అవి త్వరగా పాడవుతాయి. పులిహోర కూడా రెండో రోజుకు దాచుకునే తిండి కాదు. ఉదయం కలిపినది సాయంత్రంలోపల తినేయాలి. అందుకే ప్రతి పొట్లం మీద కట్టిన సమయం రాస్తాం. దానికి నల్ల మార్కర్లు పదైనా కావాలి. ఎవరైనా గుర్తుపెట్టుకుని పంపండి.

ఇక బియ్యం. కిందటిసారి బాగా ఇబ్బంది పడ్డది ఇక్కడే. అయిదుగురు దాతలు తలా అయిదు కిలోలు ఇచ్చారు. అందరివీ మంచి బియ్యమే, కానీ అయిదూ అయిదు రకాలు. కొన్ని కొత్త బియ్యం, కొన్ని రెండేళ్ల పాతవి. అన్నీ ఒకే గుండిగలో పోశాం. కొత్త బియ్యం ముద్దయిపోయింది, పాతవి పలుకుగానే మిగిలాయి. ఆ అన్నం వార్చడానికీ లేదు, పులిహోరకు ఆరబెట్టడానికీ లేదు. అందుకని నలుగురు కలిసి డబ్బు వేసుకుని ఒకే రకం పాత బియ్యం, కుట్టు విప్పని 25 కిలోల బస్తా ఒకటి పంపితే అంతకన్నా మేలు లేదు. కందిపప్పు విషయంలోనూ ఇదే మాట. రెండు రకాలు కలిస్తే ఒకటి మెత్తబడే లోపల రెండోది గిన్నె అడుగున మాడుతుంది.

వరద నీరు తాకిన బస్తా ఎంత ఎండబెట్టినా మాకు వద్దు. ఆ నీటిలో మురుగు కలిసి ఉంటుంది. బస్తా అడుగున గోనె ముదురు రంగుకు తిరిగి ఉంటే, చెయ్యి లోపల పెడితే గింజలు ఉండలుగా తగిలితే, దాన్ని దింపుకోకుండా తిప్పి పంపుతాం. దయచేసి నొచ్చుకోవద్దు.

శిబిరంలో కూర్చోబెట్టి వడ్డించే పూటకు అన్నం, దోసకాయ పప్పు, మజ్జిగ పెడతాం. ఒంటికి శ్రమ పడి, ఆకలితో వచ్చేవారు కనుక ఇక్కడ బియ్యం 25 కిలోలు లెక్క వేశాను, అంటే మనిషికి 125 గ్రాములు. దాన్ని రెండు గుండిగల్లో వండుతాం. ఒకే దాంట్లో పోస్తే అడుగు అంటుకుని పైన పలుకవుతుంది. కందిపప్పు 6 కిలోలు, దోసకాయలు 8 కిలోలు, ఉల్లిపాయలు 3 కిలోలు, పచ్చిమిర్చి కిలో, నూనె 2 లీటర్లు, వెల్లుల్లి పావు కిలో. మజ్జిగకు పెరుగు 10 లీటర్లు. వడ్డించే గంట ముందే తెప్పిస్తాం కనుక పెరుగు ఇచ్చేవారు ముందురోజు కొని ఉంచకండి. దోసకాయనే ఎందుకంటే, అది బుట్టలో నాలుగు రోజులు నిలుస్తుంది. పాలకూర, తోటకూర ఆ తడి వాతావరణంలో ఒక్క రాత్రికే కుళ్లిపోతాయి. కోసే ముందు ప్రతి కాయనూ చిన్న ముక్క రుచి చూస్తాం. ఒక్క చేదు దోసకాయ చాలు, పప్పంతా పారబోయవలసి వస్తుంది.

నూనె సీలు ఉన్న ప్యాకెట్లే ఇవ్వండి, విడి నూనె వద్దు. కారం, పసుపు కూడా అంతే. మంచినీరు వంటకు ఇరవై లీటర్ల క్యాన్లు పది, తాగడానికి మనిషికొక లీటరు సీసా కావాలి. చేతులు, గిన్నెలు కడగడానికి ట్యాంకర్ వేరుగా చూసుకుంటున్నాం. ఆ నీళ్లు వంటకు వాడం. వాణిజ్య గ్యాస్ సిలిండర్లు రెండు ఉంటే ఒకటి పొయ్యికి, ఒకటి దూరంగా సిద్ధంగా ఉంటుంది.

ఎవరు ఏ సరుకు ఇస్తున్నారో ముందురోజు రాత్రి ఎనిమిది గంటలలోపు నాకు ఫోను చేసి చెప్పండి. అప్పటికి రాని వాటిని రాత్రే దుకాణంలో కొనాలి. ఆ డబ్బు అప్పటికి చేతిలో ఉండాలి కనుక, సరుకు ఇవ్వలేక నగదు ఇద్దామనుకున్నవారు కూడా అదే గడువులోపల చెబితే బాగుంటుంది. చింతపండు తెల్లవారుజామున మూడున్నరకు నానబెడతాం. నాలుగింటికి మొదటి గుండిగ పొయ్యి మీదకు ఎక్కుతుంది.